టీకా వేసిన రాత్రి బిడ్డ నిద్ర: ఎంతవరకు మామూలు, ఎప్పుడు ఆసుపత్రి

తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెల్లో బుధవారం, శనివారం టీకాల రోజులు. పొద్దున అంగన్‌వాడీ కేంద్రంలోనో ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలోనో సూది వేయించుకొని వచ్చిన పసిబిడ్డ సాయంత్రానికి చిరాకుగా ఏడవనైనా ఏడుస్తుంది, ఎప్పుడూ లేనంతగా నిద్రనైనా పోతుంది. ఏడ్చే బిడ్డ చుట్టూ ఇంటిల్లిపాదీ చేరతారు. నిద్రపోయే బిడ్డను మాత్రం ‘పోనీలే, హాయిగా పడుకుంది, లేపకండి’ అని వదిలేస్తారు. ఆ నిద్ర నూటికి తొంభై తొమ్మిది సార్లకు పైగా నిజంగా మామూలు నిద్రే. కాని ఆ మిగిలిన అరుదైన సందర్భాన్ని పట్టుకోవడానికి ఎన్ని గంటలు పడుకుందో లెక్కపెడితే చాలదు. లేపినప్పుడు బిడ్డ ఎలా ఉందో చూడాలి. ఈ వ్యాసం ప్రధానంగా ఆ ఒక్క విషయం గురించే.

ముందుగా ఈ నిద్ర ఎందుకు వస్తుందో తెలిస్తే సగం భయం తగ్గుతుంది. 6, 10, 14 వారాల వయసులో ప్రభుత్వం ఉచితంగా వేసే పెంటావాలెంట్ టీకా అయిదు జబ్బులకు అడ్డుకట్ట వేస్తుంది: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే మెదడు పొరల వాపు, న్యుమోనియా. ఇందులో కోరింత దగ్గు భాగాన్ని, ఆ బ్యాక్టీరియాను చంపి, కణం మొత్తాన్నీ ఉపయోగించి తయారుచేస్తారు. ఒంట్లోని రక్షక కణాలు దాన్ని శత్రువుగా గుర్తించి ఇంటర్‌ల్యూకిన్-1 వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. అవి మెదడులోని హైపోథాలమస్‌కు చేరవేసే సందేశం వల్ల ఒంటి వేడి పెరుగుతుంది, గాఢ నిద్ర కూడా పెరుగుతుంది. అంటే జ్వరమూ నిద్రా ఒకే పనిలోంచి పుట్టినవి. జ్వరం లేకుండా కేవలం నిద్ర ఎక్కువైనా ఆశ్చర్యపోనక్కర్లేదు. ప్రైవేటు ఆసుపత్రుల్లో ‘నొప్పి లేని టీకా’ పేరుతో వేసే రకంలో కోరింత దగ్గు బ్యాక్టీరియా నుంచి వేరుచేసిన కొన్ని భాగాలే ఉంటాయి కాబట్టి దానితో జ్వరం, మగత తక్కువగా వస్తాయి.

1970ల చివర్లో లాస్ ఏంజిలిస్‌లో కణం మొత్తం వాడే డీపీటీ టీకాపై పెద్ద పరిశీలన జరిగింది. 15 వేలకు పైగా మోతాదులను గమనిస్తే దాదాపు మూడింట ఒక వంతు మోతాదుల తరువాత బిడ్డల్లో మగత కనిపించింది. జ్వరం సగానికి కాస్త తక్కువ మోతాదుల తరువాత వచ్చింది. ఇంకో అధ్యయనం చిన్నదే అయినా ఆసక్తికరమైనది. 2011లో ప్రచురితమైన ఆ పరిశోధనలో అమెరికాలోని 70 మంది పసిపిల్లల కాలి చీలమండకు కదలికలను నమోదు చేసే పరికరం కట్టి, టీకాకు ముందు రోజు నిద్రను తరువాతి రోజు నిద్రతో పోల్చారు. టీకా తరువాతి 24 గంటల్లో పిల్లలు ఎక్కువసేపు నిద్రపోయారు. మధ్యాహ్నం ఒకటిన్నర తరువాత టీకా వేయించుకున్న వారిలోను, ఒంటి వేడి పెరిగిన వారిలోను ఆ పెరుగుదల మరింత స్పష్టంగా ఉంది. కాబట్టి పొద్దున టీకా వేయించుకున్న పక్కింటి బిడ్డతో సాయంత్రం వేయించుకున్న మన బిడ్డ నిద్రను పోల్చి కంగారు పడడం అనవసరం.

లేపి చూడడం కాక రెండో ఆధారం గడియారం. పెంటావాలెంట్ వల్ల వచ్చే జ్వరం సాధారణంగా అదే సాయంత్రమో రాత్రో మొదలవుతుంది, 48 గంటల్లో తగ్గిపోతుంది. దానితో వచ్చే మగత కూడా అంతే. ఈ హద్దు చాలా ఉపయోగపడుతుంది. టీకా వేసిన మూడో రోజో నాలుగో రోజో కొత్తగా మొదలైన జ్వరాన్ని పెంటావాలెంట్ మీదికి నెట్టకూడదు. అది జలుబు కావచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, మరొకటి కావచ్చు. ‘సూది వేశారు కదా, అందుకే’ అన్న మాట వల్ల అసలు జబ్బు రెండు రోజులు ఆలస్యంగా బయటపడిన సందర్భాలు పిల్లల వైద్యులకు కొత్త కాదు.

లేపి చూడడం ఎలా

మామూలు నిద్రకు, ప్రమాదకరమైన మత్తుకు తేడా బిడ్డ కళ్లు మూసుకొని ఉన్నప్పుడు తెలియదు. లేపితేనే తెలుస్తుంది. జ్వరం మంచి ఊపులో ఉన్నప్పుడు ఏ బిడ్డయినా వాడిపోయినట్టే ఉంటుంది కాబట్టి, పారాసిటమాల్ వేసిన గంట తరువాత, వేడి కాస్త దిగాక చూస్తే తీర్పు సరిగ్గా ఉంటుంది. అయితే మందు పనిచేసేదాకా ఆగేది బిడ్డ కదులుతూ, మామూలుగా ఊపిరి తీస్తూ, లేపితే ఎంతో కొంత స్పందిస్తున్నప్పుడే. అసలు స్పందనే లేకపోతే మందు కోసం, గంట కోసం ఎదురుచూడకూడదు.

బిడ్డను పడుకున్న చోటు నుంచి ఎత్తి, దుప్పటి తీసి, తడి గుడ్డ మార్చి, అరికాలిని వేలితో మెల్లగా రాసి, పేరు పెట్టి పిలవాలి. తరువాత రొమ్ముకు పట్టాలి. మామూలు నిద్రలో ఉన్న బిడ్డ ముఖం చిట్లిస్తుంది, ఒళ్లు విరుచుకుంటుంది, విసుక్కొని ఏడుస్తుంది, కళ్లు తెరిచి అమ్మ ముఖం వైపు క్షణమైనా చూస్తుంది, రొమ్ము నోటికి అందగానే చప్పరించి మింగుతుంది. పది నిమిషాలు తాగి మళ్లీ నిద్రపోతే ఫరవాలేదు. ప్రమాదంలో ఉన్న బిడ్డ అలా చేయదు. కళ్లు తెరిచినా చూపు ఎవరి మీదా నిలవదు. ఎత్తిన చెయ్యి వదిలితే గుడ్డ పీలికలా పడిపోతుంది. ఏడుపు రాదు, వచ్చినా సన్నగా మూలుగులా ఉంటుంది. రొమ్ము నోట్లో పెట్టినా చప్పరించదు.

దేశమంతటా ఆరోగ్య కార్యకర్తలకు నేర్పే పిల్లల జబ్బుల మార్గదర్శకాల్లో అన్నిటికన్నా ముందు అడిగే ప్రమాద సంకేతాలు నాలుగే. బిడ్డ పాలు గాని నీళ్లు గాని తాగలేకపోవడం, తాగినదంతా వాంతి చేసుకోవడం, ఫిట్స్ రావడం, మత్తుగా లేదా స్పృహ లేకుండా ఉండడం. అమ్మ మాట్లాడినా, కదిపినా, చప్పట్లు కొట్టినా లేవని బిడ్డ, లేచినా చుట్టూ జరిగేది పట్టకుండా శూన్యంగా చూసే బిడ్డ ఈ నాలుగో సంకేతం కిందికి వస్తుంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా జ్వరం ఎంతుంది, టీకా ఎప్పుడు వేశారు అన్న లెక్కలు అక్కడితో ఆగిపోవాలి.

చీర ఊయల గురించి ఇక్కడే చెప్పాలి. మన వైపు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉండే ఈ ఊయలలో బిడ్డ చక్కగా పడుకుంటుంది, నిజమే. కాని గుడ్డ రెండు వైపులా మూసుకొని ఉండడంతో బిడ్డ ముఖం రంగు, ఊపిరి బయటికి కనిపించవు. మగతగా ఉన్న బిడ్డ గడ్డం ఛాతీ మీదికి వంగి ఊపిరి దారి ఇరుకయ్యే అవకాశం ఉంది. గాలి ఆడక వేడి కూడా లోపలే నిలిచిపోతుంది. మే నెల తిరుపతిలో పాదరసం 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. టీకా వేసిన ఆ రెండు రాత్రులైనా బిడ్డను గట్టి పరుపు మీదో, చాప మీద పరచిన పలుచటి దుప్పటి మీదో వెల్లకిలా పడుకోబెట్టి, ఒంటి మీద ఒక్క నూలు గుడ్డ ఉంచితే చాలు. జ్వరమని చెప్పి స్వెట్టరు, టోపీ, మందపాటి దుప్పటి కప్పితే వేడి ఇంకా పెరుగుతుంది.

ఒక బిడ్డ, రెండు రాత్రులు

చంద్రగిరి మండలంలోని ఒక పల్లెలో పద్నాలుగు వారాల పాప ఉందనుకుందాం. బరువు 6 కిలోలు. బుధవారం పొద్దున 11 గంటలకు ఎడమ తొడకు పెంటావాలెంట్, కుడి తొడకు న్యుమోనియా టీకా, చేతికి పోలియో సూది, నోట్లో పోలియో చుక్కలు, రోటావైరస్ టీకా అయ్యాయి. తీవ్రమైన అలర్జీ వస్తే చాలా వరకు మొదటి నిమిషాల్లోనే వస్తుంది కాబట్టి అక్కడే అరగంట కూర్చోబెట్టి పంపారు.

ఇంటికి వచ్చి పాలు తాగి ఒంటిగంటకు పడుకుంది. మామూలుగా గంటన్నరకు లేచే పాప నాలుగు దాకా లేవలేదు. లేచాక ఎడమ తొడ ముట్టుకుంటే కెవ్వుమంది. అక్కడ ఎర్రగా, గట్టిగా ఉంది. ఆరున్నరకు చంక కింద థర్మామీటరు పెడితే 100.8 డిగ్రీల ఫారన్‌హీట్. ఇంట్లో వాళ్లు బరువును బట్టి పారాసిటమాల్ చుక్కల మందు 0.8 మిల్లీలీటర్లు వేశారు. ఏడున్నరకు 99.6కి దిగింది. పాప కళ్లు తెరిచి నాయనమ్మను చూసి నవ్వింది, రెండు వైపులా పాలు తాగింది, రోజూ కన్నా కొంచెం తక్కువ. తొమ్మిదిన్నరకు పడుకొని ఒకటిన్నర దాకా లేవలేదు. మామూలుగా రెండున్నర గంటలకోసారి లేచే పాప నాలుగు గంటలు పడుకుందని అమ్మే ఎత్తి రొమ్ముకు పట్టింది. సగం నిద్రలోనే అయినా గుటకలు వినిపించేలా తాగింది. వేడి 101.2. మొదటి మోతాదు వేసి ఏడు గంటలయింది కాబట్టి రెండోసారి మందు వేశారు. తెల్లారేసరికి మూడు గుడ్డలు తడిసి ఉన్నాయి. గురువారం పగలు చిరాకు, రెండు అదనపు కునుకులు, సాయంత్రానికి 99. శుక్రవారం పొద్దుటికి పాప ఎప్పటిలా ఉంది.

ఇక్కడ నిద్ర చాలా పెరిగింది. కాని లేపిన ప్రతిసారీ లేచింది, చూసింది, తాగింది. మూత్రం ఆగలేదు. 48 గంటల్లో అంతా సర్దుకుంది. ఆసుపత్రి అవసరం ఎక్కడా రాలేదు.

ఇదే పాప విషయంలో కొన్ని వివరాలు మారితే కథ మారిపోతుంది. ఏడున్నరకు వేడి 99.6కి దిగిన తరువాత కూడా పాప కళ్లు తెరవకుండా, రొమ్ము పట్టకుండా ఉందనుకుందాం. అప్పుడు జ్వరం తగ్గింది కదా అని ఊరట పడకూడదు. జ్వరం లేకపోయినా మత్తు వదలకపోవడమే ఎక్కువ ఆందోళన కలిగించే విషయం. తెల్లారేదాకా ఆగకుండా బయల్దేరాలి.

మధ్యాహ్నం మూడు గంటలకు, అప్పటిదాకా బాగానే ఉన్న పాప ఉన్నట్టుండి పాలిపోయి, ఒళ్లంతా వదిలేసి, పిలిస్తే పలకకుండా, పెదవులు నీలంగా మారితే అది వేరే పరిణామం. కోరింత దగ్గు భాగం ఉన్న టీకాల తరువాత చాలా అరుదుగా ఇలా జరుగుతుంది. పైన చెప్పిన లాస్ ఏంజిలిస్ పరిశీలనలో సుమారు 1,750 మోతాదులకు ఒకసారి కనిపించింది. చాలా వరకు టీకా వేసిన కొన్ని గంటల్లోనే, దాదాపు ఎప్పుడూ 48 గంటల లోపే వస్తుంది. కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల్లో బిడ్డ తేరుకుంటుంది, తరువాత ఎదుగుదలలో లోపం మిగలదు. అయినా ఇంట్లో చూస్తున్న వాళ్లకు దీన్ని గుండె, ఊపిరి, ఫిట్స్ సమస్యల నుంచి వేరుచేయడం సాధ్యం కాదు. కాబట్టి వెంటనే 108కి ఫోన్ చేయడమొక్కటే మార్గం. నిద్ర మెల్లగా కమ్ముకుంటుంది, ఇది హఠాత్తుగా వస్తుంది. గుర్తుపట్టడానికి పనికొచ్చే తేడా అదే.

ఇంకొక మార్పు. జ్వరం పెద్దగా లేదు, కాని పాప పది పదిహేను నిమిషాలకోసారి మోకాళ్లు కడుపుకు ముడుచుకొని కేకలు పెడుతోంది, ఆ మధ్యలో వాడిపోయి నిద్రలోకి జారుకుంటోంది, వాంతులు పచ్చగా అవుతున్నాయి, లేదా విరేచనంలో రక్తం, జిగురు కనిపిస్తున్నాయి. పేగు ఒక భాగం మరో భాగంలోకి జొరబడే జబ్బు ఇలా ఉంటుంది. టీకాతో సంబంధం లేకుండానే ఏడాది లోపు పిల్లల్లో ఇది కనిపిస్తుంది. కొన్ని దేశాల్లో రోటావైరస్ టీకా తరువాతి వారంలో చాలా స్వల్పంగా ఎక్కువగా కనిపించినట్టు నమోదైంది. కొందరు పిల్లల్లో ఏడుపు కన్నా ఆ వాడిపోవడమే ముందుగా కనిపిస్తుంది కాబట్టి ‘ఏడ్చి ఏడ్చి అలసిపోయి పడుకుంది’ అన్న వివరణతో గంటలు గడిచిపోతాయి. తొలి గంటల్లో చేరితే చాలామందికి ఆపరేషన్ లేకుండానే సరిచేయగలుగుతారు.

ఏడుపుకు కూడా ఒక హద్దుంది. టీకా తరువాత మూడు గంటలకు మించి, ఎత్తుకున్నా పాలిచ్చినా మందు వేసినా ఆగకుండా ఏడిస్తే వైద్యుడికి చూపించాలి. చాలా వరకు అది తొడ నొప్పే అవుతుంది. కాని ఆ మాట చూసిన వైద్యుడు చెప్పాలి.

ఆరు వారాల బిడ్డకు లెక్క వేరు

పైన చెప్పిన ఓపిక మూడు నెలలు దాటిన బిడ్డకు సరిపోతుంది. 6 వారాల, 10 వారాల మోతాదుల దగ్గర అదే ఓపిక పట్టకూడదు. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు, అంటే 38 సెల్సియస్, దాటితే అదే రోజు వైద్యుడికి చూపించాలి. టీకా వేసిన మొదటి రెండు రోజుల్లో అయితే అది చాలా వరకు టీకా జ్వరమే. పాలు బాగా తాగుతున్న బిడ్డను పరీక్షించి ‘ఇంట్లోనే చూసుకోండి’ అని వైద్యులు పంపవచ్చు. కాని ఆ వయసులో రక్తంలోకో మెదడు పొరల్లోకో పాకిన ఇన్ఫెక్షన్ పైకి కనిపించేది కూడా ఇంతే: కాస్త జ్వరం, ఎక్కువ నిద్ర, తక్కువ పాలు. కొందరిలో జ్వరం కూడా ఉండదు, ఒళ్లు చల్లబడుతుంది. రెండింటినీ ఇంట్లో వేరుచేయలేరు. టీకా వేసిన ఏఎన్ఎం ఫోన్ నంబరు టీకా కార్డు మీద రాయించుకుంటే ముందుగా ఆమెకు చెప్పవచ్చు. పాలు మానేసినా, మత్తుగా ఉన్నా ఆ ఫోన్ కోసం కూడా ఆగవద్దు.

మందు విషయంలో జరిగే పొరపాటు

టీకాకు ముందే పారాసిటమాల్ పట్టించే అలవాటు కొందరికి ఉంది. 2009లో చెక్ రిపబ్లిక్‌లో జరిపిన పరిశోధన ప్రకారం జ్వరం రాకముందే, టీకా సమయం నుంచే మందు ఇచ్చిన పిల్లల్లో కొన్ని టీకాలకు ప్రతిరక్షకాలు తక్కువగా తయారయ్యాయి. మన దగ్గర వేసే ఈ టీకాలకు ముందుజాగ్రత్త మందు అక్కర్లేదు. జ్వరం వచ్చి బిడ్డ ఇబ్బంది పడుతుంటే అప్పుడు వేస్తే చాలు. వేడి ఉన్నా హాయిగా నిద్రపోతున్న బిడ్డను మందు కోసమే లేపనవసరం లేదు. పాల కోసం లేపాలి.

మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, కనీసం 4 నుంచి 6 గంటల ఎడం, రోజుకు నాలుగు సార్లకు మించకుండా. మూడు నెలల లోపు బిడ్డకైతే వైద్యుడో ఏఎన్ఎమ్మో చెప్పిన కొలతే. అసలు ప్రమాదం సీసాల దగ్గర ఉంది. చాలా కంపెనీల చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటాయి. పెద్ద సీసాలో వచ్చే సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 250 మిల్లీగ్రాములు ఉంటాయి. అంటే 6 కిలోల పాపకు చుక్కల మందు 0.6 నుంచి 0.9 మిల్లీలీటర్లు సరిపోతే, 120 సిరప్ 2.5 నుంచి 3.7 మిల్లీలీటర్ల దాకా కావాలి. పెద్ద బిడ్డకు సిరప్ వేసిన అలవాటుతో ‘అర చెంచా’ అనుకొని చుక్కల మందును 2.5 మిల్లీలీటర్లు వేస్తే 250 మిల్లీగ్రాములవుతుంది. కిలోకు 40 దాటినట్టే. అదే పొరపాటు రెండు మూడు సార్లు జరిగితే కాలేయం దెబ్బతినే స్థాయికి చేరుతుంది. ఇంట్లో ఒకే రకం సీసా ఉంచి, చెంచా బదులు దానితో వచ్చిన గీతల డ్రాపరుతోనే కొలవడం మేలు. వేసిన టైము కార్డు వెనక రాస్తే నాయనమ్మ ఒకసారి, అమ్మ ఒకసారి వేసే ప్రమాదం తప్పుతుంది. ఆరు నెలల లోపు బిడ్డకు ఐబూప్రొఫెన్ వైద్యుడు చెప్పకుండా వేయకూడదు.

జలుబు సిరప్‌ల గురించి కఠినంగానే చెప్పాలి. వాటిలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ వంటి మందులు మత్తు కలిగిస్తాయి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్‌ను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడవద్దని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఆ సిరప్ పడిన బిడ్డ మత్తుగా ఉంటే అది మందు మత్తో, జబ్బు మత్తో వైద్యుడు కూడా వెంటనే చెప్పలేడు. లేపి చూసే పరీక్షే పనికిరాకుండా పోతుంది. వసకొమ్ము అరగదీసి నాకించడం, బాగా నిద్రపోతుందని గ్రైప్ వాటర్ పట్టడం కూడా ఆ రెండు రోజులు మానాలి. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లి పాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు.

తొమ్మిదో నెల టీకా, ఫిట్స్ తరువాతి నిద్ర

తొమ్మిది నెలలకు వేసే తట్టు, రుబెల్లా టీకా మీద గడియారం వేరుగా నడుస్తుంది. అందులో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది, అది ఒంట్లో పెరగడానికి వ్యవధి పడుతుంది. కాబట్టి జ్వరం, ఒక్కోసారి సన్నటి దద్దుర్లు 5 నుంచి 12 రోజుల మధ్య వస్తాయి. టీకా సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయాక వచ్చే జ్వరమిది.

ఈ వయసులో, అంటే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా, ఏ జ్వరంతోనైనా కొందరు పిల్లలకు ఫిట్స్ రావచ్చు. చూడడానికి భయంకరంగా ఉన్నా ఎక్కువ భాగం అయిదు నిమిషాల్లోపే ఆగిపోతాయి. ఆ సమయంలో బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళంచెవి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఒరిగేది లేదు. గడియారం చూడాలి. ఫిట్స్ ఆగాక బిడ్డ గాఢంగా నిద్రపోతుంది. మెదడు అలసట తీర్చుకునే ఈ నిద్ర మామూలుదే, కొద్దికొద్దిగా తేలికవుతూ గంటలోపు బిడ్డ గుర్తుపట్టే స్థితికి వస్తుంది. గంట దాటినా తెలివి రాకపోతే, మెడ బిగుసుకుంటే, ఒక పక్క చెయ్యీ కాలూ కదలకపోతే, అదే రోజు మళ్లీ ఫిట్స్ వస్తే మెదడు వాపు జ్వరాన్ని అనుమానించాల్సి ఉంటుంది. అయిదు నిమిషాలకు ఆగకపోతే 108. మొదటిసారి ఫిట్స్ వచ్చిన బిడ్డను అవి వెంటనే ఆగిపోయినా సరే, అదే రోజు చూపించాలి.

జలుబు, వానాకాలపు జ్వరం

టీకాతో పని లేని చిన్న జబ్బుల్లోనూ పరీక్ష అదే. జలుబులో ముక్కు మూసుకుపోవడం వల్ల నిద్ర ముక్కలవుతుంది, పగలు కునుకులు పెరుగుతాయి. పాలకు ముందు ఉప్పునీటి చుక్కలు ముక్కులో వేస్తే తాగడం, పడుకోవడం రెండూ సులువవుతాయి. ఇలాంటప్పుడు బిడ్డ నిద్రలో ఉన్న సమయాన్ని ఒక పనికి వాడుకోవచ్చు. చొక్కా పైకి ఎత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిమిషం పాటు పూర్తిగా లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40 లేదా అంతకు మించితే, లేదా పక్కటెముకల కింద గుంట పడుతుంటే న్యుమోనియా అనుమానంతో అదే రోజు చూపించాలి.

తిరుపతి ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాటితో డెంగీ దోమలు. డెంగీలో నిద్ర విషయం మిగతా జ్వరాలకు తలకిందులుగా ఉంటుంది. మామూలు వైరల్ జ్వరంలో వేడి తగ్గగానే పిల్లలు లేచి ఆడుకుంటారు. డెంగీలో మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, సరిగ్గా జ్వరం దిగే సమయంలోనే రక్తనాళాల నుంచి నీరు కారిపోయే ప్రమాద దశ మొదలవుతుంది. జ్వరం పోయింది, బిడ్డ మాత్రం మత్తుగా పడుకొని ఉంది లేదా విపరీతంగా విసుక్కుంటోంది, చేతులూ పాదాలూ చల్లగా ఉన్నాయి, కడుపు నొప్పి అంటోంది, వాంతులు ఆగడం లేదు, ఆరు గంటలుగా మూత్రం పోయలేదు అంటే ఆ నిద్ర విశ్రాంతి కాదు. డెంగీ అనుమానం ఉన్నంతవరకు ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వేయకూడదు.

వెళ్లాల్సి వస్తే

తిరుపతి చుట్టుపక్కల వాళ్లకు రుయా, చిత్తూరు వాళ్లకు జిల్లా ఆసుపత్రి రాత్రివేళ అందుబాటులో ఉండేవి. చిత్తూరు వైపు చాలామంది మనసు నేరుగా వేలూరు మీదికి పోతుంది. తీరిగ్గా చూపించుకునే జబ్బుకు అది సరే. మత్తులో ఉన్న బిడ్డకు ముందు దగ్గరి ఆసుపత్రిలో ఆక్సిజన్, రక్తంలో చక్కెర పరీక్ష, సెలైన్ అందాలి. పాలు తాగని పసిబిడ్డకు చక్కెర పడిపోవడమే మత్తుకు కారణం కావచ్చు, దాన్ని కనిపెట్టి సరిచేయడానికి నిమిషాలు చాలు. టీకా కార్డు, వేసిన మందు సీసాలు వెంట తీసుకెళ్లాలి. టీకా ఏ రోజు ఎన్ని గంటలకు, జ్వరం ఎప్పుడు మొదలైంది, ఆఖరిసారి ఎప్పుడు బాగా తాగింది, ఎప్పుడు మూత్రం పోసింది అన్న నాలుగు సమయాలు చెప్పగలిగితే వైద్యుడి పని చాలా తేలికవుతుంది.

టీకా తరువాత ఆసుపత్రిలో చేరాల్సి వచ్చిన ప్రతి సంఘటననూ ఏఎన్ఎంకో ఆరోగ్య కేంద్రం వైద్యుడికో తెలియజేయాలి. వాటిని నమోదు చేసి విచారించే ఏర్పాటు జిల్లా స్థాయిలో ఉంది. తరువాతి మోతాదు మాటకొస్తే, జ్వరం, తొడ వాపు, ఎక్కువ నిద్ర అనేవి దాన్ని మానడానికి కారణాలు కావు. ఒక మోతాదుకు తీవ్రమైన అలర్జీ వచ్చినా, వారం లోపు మరో కారణం దొరకని మెదడు జబ్బు వచ్చినా కోరింత దగ్గు భాగం ఉన్న టీకాను మళ్లీ వేయరు. ఒళ్లు వదిలేసి పాలిపోయిన సంఘటన, ఫిట్స్, ఆగని ఏడుపు వచ్చిన బిడ్డల విషయంలో తరువాత ఏ రకం టీకా, ఎక్కడ వేయాలన్నది పిల్లల వైద్యుడు నిర్ణయిస్తాడు.